అందరికీ థాంక్స్ అంటే ఎవరికీ చెప్పనట్టే

మా టీమ్‌లో ఆరు నెలలు ఇంటర్న్‌గా పనిచేసిన అమ్మాయి జూన్ చివరి శుక్రవారం వెళ్లిపోయింది. నరసరావుపేట వైపు అమ్మాయి. బీటెక్ ఆఖరి సెమిస్టర్ అంతా హైదరాబాద్‌లో మా ఆఫీసులోనే గడిచింది. గురువారం రాత్రి నాకొక మెసేజ్ పెట్టింది: "అన్నా, రేపు కేక్ కట్ చేసేటప్పుడు రెండు మాటలు మాట్లాడమంటారు కదా. ఇలా రాసుకున్నా. ఒకసారి చూసి చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది."

కింద ఒకటిన్నర పేజీ ఉంది. ఈ అవకాశం ఇచ్చిన కంపెనీకి కృతజ్ఞతలు. మేనేజర్ గారికి, నాకు, టీమ్‌లో ప్రతి ఒక్కరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఇక్కడ టెక్నికల్ విషయాలతో పాటు జీవిత పాఠాలు కూడా నేర్చుకున్నాను. ఇది టీమ్ కాదు, కుటుంబం. తెలిసో తెలియకో ఏవైనా తప్పులు చేసి ఉంటే క్షమించండి. మళ్లీ మీ అందరితో కలిసి పనిచేసే అవకాశం రావాలని కోరుకుంటున్నాను.

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు, నాకు తెలుసు. ఆ అమ్మాయి మనస్ఫూర్తిగానే రాసింది. కానీ ఆ కాగితాన్ని పక్క ఫ్లోర్‌లో ఉన్న వేరే టీమ్ ఇంటర్న్ చేతికిచ్చినా అక్షరం మార్చకుండా చదివేయొచ్చు. నన్ను బాధపెట్టింది అదే. ఆరు నెలలు మా మధ్య కూర్చుని, మా కోడ్ చదివి, మేమంతా వదిలేసిన ఒక సమస్యను పట్టుకున్న మనిషి తాలూకు ఆనవాలు ఆ పేజీలో ఎక్కడా లేదు.

ఇంటర్న్ చివరి రోజు చెప్పాల్సింది ఒక మనిషి గురించి, ఆ మనిషి చేసిన ఒక పని గురించి అని నా అభిప్రాయం. దానివల్ల తన పని ఎలా మారిందో, ఏం మిగిలిపోయిందో చెబితే చాలు. రెండు నిమిషాలు సరిపోతాయి. ఇలా అంటే ఎదురయ్యే అభ్యంతరాలు నాకు తెలుసు, వాటి దగ్గరికీ వస్తాను.

ఆ గదిలో ఏం జరుగుతుంది

శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలు. చిన్న మీటింగ్ రూమ్, మధ్యలో కేక్. ఎనిమిది మంది నిలబడి ఉంటారు, ముగ్గురు కాల్‌లో ఉంటారు. కాల్‌లో ఉన్నవాళ్లకు సగం మాటలు వినపడవు, ఎందుకంటే లాప్‌టాప్ కేక్ పక్కన ఎటో తిరిగి ఉంటుంది. మేనేజర్‌కు నాలుగున్నరకు ఇంకో మీటింగ్. "రెండు మాటలు మాట్లాడమ్మా" అనగానే ఆ పిల్ల ముఖం పాలిపోతుంది. జనవరిలో వచ్చే బ్యాచ్, ఎండాకాలంలో వచ్చే బ్యాచ్ అంటూ టీమ్ ఈ దృశ్యం ఏటా చూస్తూనే ఉంటుంది. "థాంక్స్ టు ఎవ్రీవన్" అనే మాట వినపడగానే చేతులు చప్పట్లకు సిద్ధమైపోతాయి.

ఆ రెండు నిమిషాల మీద ఉద్యోగం ఆధారపడి ఉందనుకోవడం వల్ల టెన్షన్ ఇంకా పెరుగుతుంది. చాలా చోట్ల అది నిజం కాదు. పీపీఓ, అంటే ఇంటర్న్‌షిప్ తర్వాత అదే కంపెనీలో ఉద్యోగం ఆఫర్, ఇవ్వాలా వద్దా అన్నది మధ్యలో జరిగే రివ్యూ, ఆఖరి ప్రాజెక్ట్ ప్రెజెంటేషన్, మెంటర్ రాసే ఫీడ్‌బ్యాక్, ఆ ఏడాది ఉన్న ఖాళీలు చూసి తేలుస్తారు. కేక్ దగ్గరకు వచ్చేసరికి ఫీడ్‌బ్యాక్ ఫారం వెళ్లిపోయి ఉంటుంది. అందుకే "మళ్లీ మీతో పనిచేసే అవకాశం రావాలి" అనే ఆఖరి వాక్యం కొట్టేయమన్నాను. అది వినగానే గదిలో ఉన్నవాళ్లు మేనేజర్ వైపు చూస్తారు, ఆయన కిందకి చూస్తాడు. అప్పటిదాకా చెప్పిన కృతజ్ఞత కూడా అర్జీలా వినపడుతుంది.

ఏ టైముకి ఫెయిల్ అయింది?

మెసేజ్‌లో రాస్తే సరిగా అర్థం కాదని ఫోన్ చేశాను. "ఈ ఆరు నెలల్లో ఎవరైనా నీతో అన్న మాట ఒక్కటి గుర్తుందా?" అని అడిగాను. ఆలోచించలేదు. "ఏ టైముకి ఫెయిల్ అయింది, అని అక్క అడిగింది కదన్నా, అది" అంది.

ఆ కథ కొంచెం వివరంగా చెప్పాలి. మా అప్లికేషన్ వెబ్ పేజీల మీద ప్రతి రాత్రి ఒంటి గంటకు ఆటోమేటిక్ టెస్టులు నడుస్తాయి. పొద్దున వచ్చేసరికి కొన్ని ఎర్రగా ఉంటాయి. పది గంటలకు మళ్లీ నడిపితే పచ్చగా మారతాయి. అలాంటివాటిని మేం 'ఫ్లేకీ' అంటాం, అంటే నమ్మకం లేనివి, కారణం కనపడకుండా ఒకసారి ఫెయిలై ఇంకోసారి పాస్ అయ్యేవి. ఆ అమ్మాయికి ఇచ్చిన మొదటి పని పొద్దున్నే ఎర్రవాటిని మళ్లీ నడిపి, పచ్చగా వచ్చాయని రిపోర్ట్ పెట్టడం. ఎవరికీ ఇష్టంలేని పని కాబట్టి ఇంటర్న్‌కు వచ్చింది.

కొన్నాళ్లకు ఆమె మా సీనియర్ టెస్టర్ అక్క దగ్గరికి వెళ్లి, "స్టేట్‌మెంట్ పేజీ టెస్టులు మళ్లీ నడిపితే పాస్ అయ్యాయి అక్కా, క్లోజ్ చేసేయనా?" అని అడిగింది. అక్క స్క్రీన్ మీద నుంచి తల తిప్పకుండా, "ఏ టైముకి ఫెయిల్ అయింది?" అంది. ఈ అమ్మాయి దగ్గర జవాబు లేదు. "రాసుకో. పాస్ అయిన టైము కూడా రాసుకో" అంది అక్క. అంతే, అంతకుమించి ఏమీ చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఈ పిల్ల ఒక షీట్ పెట్టింది. టెస్ట్ పేరు, ఫెయిలైన సమయం, పాసైన సమయం, వచ్చిన ఎర్రర్. రెండు వారాలయ్యేసరికి షీట్‌లో ఒక సంగతి బయటపడింది. లాగిన్ టెస్టుల లాంటివి నిజంగానే ఎప్పుడు పడితే అప్పుడు ఫెయిల్ అవుతున్నాయి. స్టేట్‌మెంట్ పేజీ టెస్టులు మాత్రం రాత్రి ఒంటి గంటకు ప్రతిసారీ ఫెయిల్, పగలు ప్రతిసారీ పాస్. అందులో అదృష్టం, దురదృష్టం ఏమీ లేవు.

కారణం గడియారాల్లో ఉంది. మా పేజీ తేదీని భారత సమయం ప్రకారం చూపిస్తుంది. టెస్ట్ మాత్రం "ఈరోజు తేదీ ఎంత?" అని తాను నడుస్తున్న సర్వర్‌ను అడుగుతుంది. ఆ సర్వర్ గడియారం యూటీసీలో ఉంది, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక. మనకు 12వ తేదీ రాత్రి ఒంటి గంట అయితే దానికి ఇంకా 11వ తేదీ రాత్రి ఏడున్నరే. పేజీ 12 అంటుంది, టెస్ట్ 11 అంటుంది, రెండూ కలవవు కాబట్టి ఎరుపు. పొద్దున పదింటికి మళ్లీ నడిపితే సర్వర్‌లో నాలుగున్నర, అప్పటికి రెండు చోట్లా 12వ తేదీయే కాబట్టి పచ్చ. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము ఐదున్నర దాకా ఎప్పుడు నడిపినా ఫెయిల్ కావాల్సిందే. మేమంతా పగలే మళ్లీ నడిపేవాళ్లం కాబట్టి మాలో ఎవరి కంటికీ ఇది పడలేదు.

సవరణ ఒక్క లైను:

```python
today = datetime.now(ZoneInfo("Asia/Kolkata")).date()
```

లాగిన్ టెస్టుల్లో సమస్య వేరు. పేజీ లోడ్ అయ్యేదాకా ఆగడానికి అందులో `time.sleep(5)` అని రాసి ఉంది. ఐదు సెకన్లలో పేజీ వస్తే పాస్, ఆరో సెకనులో వస్తే ఫెయిల్. వాటిని ఒక్కొక్కటే తీసి, బటన్ నిజంగా కనిపించేదాకా ఆగేలా మార్చుకుంటూ వచ్చింది. మూడు టెస్టులు మిగిలిపోయాయి.

ఇంత కథ ఉన్న మనిషి "జీవిత పాఠాలు నేర్చుకున్నాను" అని రాసుకుంది. ఆ పాఠం ఏమిటో చెప్పమ్మా, అదే నీ స్పీచ్ అన్నాను.

అక్క పేరు ఒక్కటే చెబితే మిగతావాళ్లు?

వెంటనే ఆమె అడిగిన ప్రశ్న ఇది. సరైన ప్రశ్నే. మన ఆఫీసుల్లో మేనేజర్ పేరు ముందు రాకపోతే ఏదోలా ఉంటుంది. ఒకరిని పొగిడి పక్కవాళ్లను వదిలేస్తే, వదిలేసినవాళ్లకే అది ఎక్కువ గుర్తుంటుంది. ఈ భయాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయలేను.

సచిన్ టెండూల్కర్ 2013 నవంబర్ 16న వాంఖడేలో మాట్లాడింది మనలో చాలామంది చూశాం. ఎవరినైనా మర్చిపోతానేమోనని మొదటిసారి ఒక లిస్టు తెచ్చుకున్నానని ఆయన ముందే చెప్పాడు. నాన్న, అమ్మ, అన్నయ్య, భార్య, డాక్టర్లు, ఫిజియోలు, ఇలా ఎందరి పేర్లో చెప్పాడు. 24 ఏళ్ల అంతర్జాతీయ ఆటకు ఆ జాబితా న్యాయమే. కానీ అందులో నాకు ఇప్పటికీ గుర్తున్నది తన కోచ్ అచ్రేకర్ సర్ గురించి చెప్పిన ముక్క. ఈ 29 ఏళ్లలో సర్ ఒక్కసారి కూడా 'బాగా ఆడావు' అనలేదు, అలా అంటే నేను కష్టపడటం తగ్గిస్తానేమోనని ఆయన అనుకున్నారు అన్నాడు సచిన్. ఇక నా జీవితంలో మ్యాచ్‌లు లేవు కాబట్టి ఇప్పుడు అనొచ్చు అనే అర్థంలో చెప్పాడు. గురువుకు కృతజ్ఞతలు అని ఊరుకుని ఉంటే అచ్రేకర్ ఎలాంటి మనిషో మనకు తెలిసేది కాదు. ఆయన అనని ఒక మాట చెప్పడంతో తెలిసిపోయింది.

కాబట్టి లిస్టు ఉండాలి, కానీ ఇంటర్న్‌కు ఉన్న రెండు నిమిషాల్లో అది పట్టదు. నేను చెప్పిన దారి ఇది. లిస్టులో ఉన్నవాళ్లందరి దగ్గరికీ శుక్రవారం పొద్దున్నే వాళ్ల సీటు దగ్గరికే వెళ్లు. ఒక్కొక్కరికి వాళ్లు చేసిన పని చెప్పి థాంక్స్ చెప్పు. ఊళ్లో లేనివాళ్లకు విడిగా మెసేజ్ పెట్టు, గ్రూప్‌లో కాదు. అలా ముందే చెప్పేస్తే సాయంత్రం వాళ్లెవరూ తమ పేరు కోసం ఎదురుచూడరు. మేనేజర్‌ను మొదట పలకరించు, అది మర్యాద. ఆయన చేసిన పని ఏదైనా ఉంటే ఒక వాక్యంలో చెప్పు. ఉంది కూడా: స్టైపెండ్ రెండు నెలలు ఆగినప్పుడు ఆయనే ఫైనాన్స్ వాళ్ల వెంటపడ్డాడు.

ఇంత చేసినా ఒకరిద్దరికి చిన్నబుచ్చుకున్నట్టు ఉండొచ్చు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఎవరికీ తగలని స్పీచ్ కంటే అదే నయమని మాత్రం అనుకుంటున్నాను.

చేదు అనుభవం ఉంటే?

ఇది ఇంకా కష్టమైన ప్రశ్న. అందరి ఇంటర్న్‌షిప్ ఇలా జరగదు. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఒక అబ్బాయికి సిస్టమ్ యాక్సెస్ రావడానికే దాదాపు రెండు నెలలు పట్టింది. రోజూ వచ్చి కూర్చుని వెళ్లేవాడు. చివరి రోజు మాట్లాడుతూ, "నాకు రిపాజిటరీ యాక్సెస్ మార్చిలో వచ్చింది. జాయినైంది జనవరిలో. వచ్చే బ్యాచ్ వాళ్లకు రిక్వెస్ట్ జాయినింగ్ కంటే ముందే పెడితే బాగుంటుంది" అన్నాడు. గొంతు పెంచలేదు, ఎవరి పేరూ ఎత్తలేదు. గది కాసేపు ఇబ్బందిగా ఉంది. తర్వాతి బ్యాచ్‌కు రిక్వెస్టులు మాత్రం ముందే వెళ్లాయి.

అతను చేసింది సరైనదేనా అని చాలాకాలం ఆలోచించాను. కేక్ ముందు పెట్టుకుని ఫిర్యాదు చేయడం ఏమిటి అని అప్పట్లో కొందరు అన్నారు. నా ఉద్దేశంలో అతను ఫిర్యాదు చేయలేదు, తర్వాత వచ్చేవాడికి దారి వేశాడు. తేదీలు చెప్పి, ఏం మార్చాలో చెప్పి ఆగిపోయాడు. ఆ హద్దు దాటి "నన్నెవరూ పట్టించుకోలేదు" అని ఉంటే అది ఆ గదిలో తేలే విషయం కాదు. మనసు నొచ్చుకున్న సంగతులు ఎగ్జిట్ ఫీడ్‌బ్యాక్‌లో రాయడమో, నమ్మకమున్న ఒకరితో విడిగా చెప్పడమో మేలు.

ఎవరైనా లైంగికంగా వేధించి ఉంటే ఆ దారి పూర్తిగా వేరు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకోవడానికి వచ్చిన 2013 చట్టం ఉద్యోగి అన్న మాటలో ట్రైనీలను, అప్రెంటిస్‌లను కూడా చేర్చింది. సాధారణంగా సంఘటన జరిగిన మూడు నెలల్లోపు అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. చివరి రోజు అయిపోయినంత మాత్రాన ఆ హక్కు పోదు. అలాంటి అమ్మాయి ఆ సాయంత్రం నవ్వుతూ అందరికీ థాంక్స్ చెప్పాల్సిన అవసరం అంతకన్నా లేదు. "ఒంట్లో బాగోలేదు" అని వెళ్లిపోయినా ఎవరూ తప్పు పట్టకూడదు.

కోతలు

ఇక మా అమ్మాయి స్పీచ్ సంగతి. మా టీమ్‌లో ఇద్దరికి తెలుగు రాదు, కాబట్టి ఇంగ్లీషులోనే మాట్లాడాలి. మొదటి కాగితం గట్టిగా చదివి ఫోన్‌లో టైమ్ చూసుకోమంటే నాలుగు నిమిషాలు దాటింది. ఇంగ్లీషులో నింపాదిగా మాట్లాడితే నిమిషానికి 120, 130 పదాలు వెళ్తాయి. రెండు నిమిషాలంటే 250 పదాలు.

మొదట పోయింది క్షమాపణ. తెలిసో తెలియకో చేసిన తప్పులు అని అందరూ అంటారు, కానీ వినేవాళ్లు ఏ తప్పా అని వెతుక్కుంటారు. నిజంగా ఒకరికి క్షమాపణ చెప్పాల్సి ఉంటే పొద్దున్నే వాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పాలి. తర్వాత పోయింది కుటుంబం. అది తీసేయడానికి ఆమె ఒప్పుకోలేదు, "నాకు అలాగే అనిపించిందన్నా" అంది. ఎప్పుడనిపించింది అని అడిగాను. జ్వరం వచ్చి హాస్టల్లో పడి ఉన్నప్పుడు టీమ్‌లో ఒకరు ఇంటి నుంచి చారు, అన్నం పంపారట. అయితే చారు గురించి చెప్పు, కుటుంబం అని వాళ్లే అనుకుంటారు అన్నాను.

కొత్తగా చేరింది మిగిలిపోయిన పని. మూడు టెస్టులు పూర్తి కాలేదని అందరి ముందూ చెప్పడానికి ఆమెకు మొహమాటం. నేను మాత్రం గట్టిగా పట్టుబట్టాను. సోమవారం పొద్దున ఆ మూడూ ఎర్రగా కనిపించినప్పుడు ఎవరో ఒకరు మళ్లీ నడిపి పచ్చగా చూపించేస్తారు, అప్పుడు ఈ పిల్ల ఆరు నెలలు చేసిందంతా వెనక్కి పోయినట్టే. ఆ షీట్ ఎక్కడుందని అడిగితే తన సొంత ఫోల్డర్‌లో ఉందని తేలింది. సాయంత్రం ఆరుకు ఆమె అకౌంట్ ఆపేస్తారు. ఆ లింక్ కొన్నాళ్లకు ఎవరికీ తెరుచుకోదు. రాత్రికి రాత్రే టీమ్ ఫోల్డర్‌లోకి మార్పించాను.

శుక్రవారం ఆమె మాట్లాడింది ఇది. అక్కతో అన్న రెండు మాటలు తెలుగులోనే అంది, మిగతావి నేను తెలుగులో రాస్తున్నాను.

"సర్, అందరికీ నమస్కారం. స్టైపెండ్ ఆగినప్పుడు మేనేజర్ సర్ నాకు చెప్పకుండానే ఫైనాన్స్‌తో మాట్లాడారు. ఆ నెల నా హాస్టల్ ఫీజు దానితోనే కట్టాను. జనవరిలో నాకు మొదటి పని ఎర్ర టెస్టులు మళ్లీ నడపడం. పచ్చగా వస్తే పని అయిపోయింది అనుకునేదాన్ని. అక్కా, మీరు 'ఏ టైముకి ఫెయిల్ అయింది' అని అడిగారు. ఆ రోజు నాకు కోపం వచ్చింది, ఇప్పుడు ఏది చూసినా ముందు అదే అడుగుతున్నాను. ఆ ప్రశ్న వల్లే తేదీ తేడా దొరికింది. నాకు జ్వరం వచ్చినప్పుడు ఒకరు చారన్నం పంపారు. పేరు చెప్పొద్దన్నారు, అందుకే చెప్పట్లేదు. లాగిన్ టెస్టుల్లో మూడు పూర్తి చేయలేకపోయాను. అవి ఇంకా ఐదు సెకన్లు ఆగే పద్ధతిలోనే ఉన్నాయి. షీట్ టీమ్ ఫోల్డర్‌లో ఉంది, ఏది ఎందుకు ఫెయిల్ అవుతుందో అందులో రాశాను. దయచేసి వాటిని మళ్లీ నడిపి వదిలేయకండి. థాంక్యూ."

కాగితం చేతిలోనే ఉంది, రెండుసార్లు చూసుకుంది, అక్క దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేస్తే ఆగి నీళ్లు తాగింది. ఎవరూ తొందరపెట్టలేదు. పుణెలో ఉన్నాయన కాల్‌లోనే "ఏ మూడు టెస్టులు?" అని అడిగాడు. వీడ్కోలు స్పీచ్‌కు ఎవరైనా ప్రశ్న అడగడం నేను అంతకుముందు వినలేదు. అక్క ఏమీ అనలేదు, కేక్ మొదటి ముక్క తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టింది.

ఒక్క సంగతి మాత్రం టీమ్ లీడ్‌ల వైపు నుంచి మారాలి. పిల్లల్ని కేక్ ముందు నిలబెట్టి అప్పటికప్పుడు మాట్లాడమంటాం, వాళ్లు నెట్‌లో దొరికిన నాలుగు లైన్లు అప్పజెప్పి బయటపడతారు. తప్పు వాళ్లది కాదు. వచ్చే బ్యాచ్ నుంచి ఆఖరి వారం సోమవారమే చెప్పేయాలని, మాట్లాడటం ఇష్టం లేనివాళ్లను బలవంతపెట్టకూడదని మా మేనేజర్‌తో అనుకున్నాం. స్పీచ్ కేక్ కట్ చేయకముందే పెట్టాలి, లాప్‌టాప్‌ను మాట్లాడేవాళ్ల వైపు తిప్పాలి. మెంటర్ కూడా ఆ ఇంటర్న్ చేసిన ఒక పనిని పేరు పెట్టి చెప్పాలి. మూడు లాగిన్ టెస్టులు పుణె ఆయన తీసుకున్నాడు, రెండు అయిపోయాయి.